ఇంటి పేరు బోర్డు లేజర్ కటింగ్: ఫైల్లో తప్పెక్కడ జరిగిందో చెప్పండి

ఖమ్మం_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. వచ్చే నెలలో గృహప్రవేశం. గేటు పక్క గోడకి "సౌభాగ్య నిలయం" అని 4 అంగుళాల అక్షరాలు 3 ఎంఎం అక్రిలిక్‌లో కోయించాను. ఫైలు మా తమ్ముడు కోరెల్‌లో చేశాడు. ఇంటికొచ్చి కవరు విప్పితే గ ఒకచోట, దాని తలకట్టు ఇంకోచోట. భ కింద ఉండే చిన్న గీత అసలు లేనే లేదు. సౌ కొస కవర్లోనే విరిగింది. షాపాయన "మీరిచ్చిందే కోశాం" అంటున్నాడు. మళ్ళీ ఇచ్చేముందు ఏం చూసుకోవాలి? గీత కనీసం ఎంత ఉండాలి? ఎండీఎఫ్ చవక కదా, వానకి ఆగుతుందా?

రేటు_మాస్టారు
ముందు ఎంత తీసుకున్నాడో చెప్పండి. మా ఊళ్ళో నిమిషానికి లెక్కేస్తారు. ఒత్తులు ఎక్కువుంటే బిల్లూ ఎక్కువే. మా అబ్బాయి పేరు పెట్టేటప్పుడే ఆలోచించాల్సింది.

బెజవాడ_అక్షరాలు
ఖమ్మం గారూ, తలకట్టు ఊడిన కారణం దాదాపు తెలిసినట్టే. మీ తమ్ముడు అను ఫాంటు వాడి ఉంటారు. అందులో గ వేరే, తలకట్టు వేరే మీట. తెర మీద రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి అతుక్కున్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే లోపల నల్లరంగు నిండి ఉంటుంది. లేజరుకి రంగుతో పనిలేదు, అంచు గీత ఎటుపోతే అటు పోతుంది. రెండు అంచులూ అడ్డంగా దాటుకున్న చోట అది రెండింటినీ కోసేస్తుంది. తలకట్టు ఊడదా మరి.

View లో Wireframe పెట్టి చూడండి. గ లోపలికి తలకట్టు గీత చొచ్చుకుపోయి కనిపిస్తే అదే దోషం. రెండూ పట్టుకుని Weld కొడితే ఒకే అంచు అవుతుంది. తర్వాత ఫైలు నకలు ఒకటి తీసి, దాంట్లో Ctrl+K కొట్టి, ముక్కల్ని ఒక్కొక్కటీ పక్కకి లాగి చూడండి. ఎన్ని ముక్కలు కదిలితే మిషన్ లోంచి అన్ని ముక్కలొస్తాయి (సున్న నడిమధ్య బిళ్ళతో సహా).

పాతకోరల్
యూనికోడ్ ఫాంటు వాడితే ఈ గోలే ఉండదు. ఇరవై ఏళ్ళ కిందటి అను పట్టుకుని ఇంకా వేలాడుతున్నారు.

బెజవాడ_అక్షరాలు
ఉంటుందండీ. యూనికోడ్‌లో తలకట్టు కలిసి రావచ్చు, కానీ భ కింద గీత చాలా ఫాంట్లలో విడిగానే ఉంటుంది. య ఒత్తు కొన్నిట్లో తగులుతుంది, కొన్నిట్లో తగలదు. ప, స, హ ల తలకట్టు చాలాసార్లు అక్షరానికి తగలనే తగలదు, Weld కొట్టినా తగలదు. అది మన లిపి స్వభావం, ఫాంటు తప్పు కాదు.

నేమ్‌ప్లేట్_అన్న
మందం గురించి ఎవరూ చెప్పలే. 1 ఎంఎం చాలు భయ్యా, ఏ షీటుకైనా సరే. నేను ఆఫీసుల తలుపులకి రెండు రంగుల ఏబీఎస్ షీటు మీద దినాం కొడతా. సన్నటి అక్షరం గూడ అద్దంలెక్క వస్తది.

బెజవాడ_అక్షరాలు
మీది చెక్కుడు అన్నా. పైపొర గీకితే కింద షీటు అంతా పట్టుకునే ఉంటుంది, అక్కడ అర ఎంఎం కూడా నిలుస్తుంది. వారిది షీటు పూర్తిగా తెగే కోత. 3 ఎంఎం అక్రిలిక్‌లో అక్షరం ఎక్కడా 3 ఎంఎం కన్నా సన్నబడకుండా చూస్తాను నేను. అంటే షీటు మందమెంతో వెడల్పూ అంత. వెనకాల పలక మీద పూర్తిగా అంటించేదైతే 2 కి దిగుతాను. గాల్లో వేలాడే కొసకి మాత్రం దిగను.

ఖమ్మం గారూ, సౌ కొస ఎంతుందో కొలిచారా?

ఖమ్మం_కొత్తిల్లు
స్కేలు పెడితే 1.4 దగ్గర వస్తోంది. ఫైల్లో 1.6 అంటున్నాడు తమ్ముడు.

బెజవాడ_అక్షరాలు
ఆ 0.2 లేజరు తినేసింది. గీతకి అటు సగం, ఇటు సగం. Contour తో బయటికి 0.5 పెంచితే రెండు పక్కలా కలిపి 1 ఎంఎం పెరిగి 2.6 అవుతుంది, పలక మీద అంటిస్తే చాలు. ఒక్క మాట, అక్షరం లావైతే లోపలి ఖాళీలు అంతే చిన్నవవుతాయి. భ పొట్ట మూసుకుపోతోందేమో చూడండి.

శిలాఫలకం_గుంటూరు
గ్రానైట్ చేయించుకోండి, తరతరాలుంటుంది. మా నాన్నగారిది స్టిక్కరు అంటించి ఇసుక కొట్టించాం. సున్నలో బిళ్ళ లేచిపోయి "నిలయం" చివర గుంట పడింది. దాన్లో ఇప్పటికీ చీమలు కాపురముంటున్నాయి.

సన్‌బోర్డు_కింగ్
ఎండీఎఫ్ వానకి ఉబ్బుతది, అంచులు ముందు పోతయి, పెయింటు ఆపలేదు. అక్రిలిక్ విరుగుతది. సన్‌బోర్డు కోయించుకోర్రి. చవక, తేలిక, వానకేం గాదు. ఆరేండ్ల నుంచి నా మిషన్ మీద అదే కోస్తున్న.

వరంగల్_అక్క
సన్‌బోర్డు లేజరు మీదనా?! అది పీవీసీ తమ్మీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తది, తేమ తగిలితే ఆసిడ్. ముందు మిషన్ తుప్పు పడుతది, దాని వెనక నీ ఊపిరితిత్తులు.

సన్‌బోర్డు_కింగ్
ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందక్కా. ఆరేండ్లల్ల నాకేం గాలే. పుస్తకాలు చదివి చెప్పకుర్రి.

వరంగల్_అక్క
పుస్తకం కాదు, మా పక్క షాపు చూసిన. నీ మిషన్ పట్టాల ఫోటో పెట్టు, చూద్దాం.

సన్‌బోర్డు_కింగ్
కొంచెం తుప్పుంది, వర్షాకాలంల అందరికీ ఉంటది. లెన్సు మూడుసార్లు మార్చిన, అది దుమ్ముకు.

వరంగల్_అక్క
😂 సరే దుమ్మే.
మిగతావాళ్ళకి: షీటు పేరు నమ్మకండి, డబ్ల్యూపీసీ అని అమ్మేదాంట్ల గూడ మస్తుగ పీవీసీనే ఉంటది. రాగి తీగ ఎర్రగ కాల్చి, షీటు ముక్కకి తాకించి, మళ్ళ మంటల పెట్టండి. మంట ఆకుపచ్చగైతే లేజరుకి ఇవ్వద్దు. కావాలంటే తిరిగే బిట్టుతో కోసే రౌటర్ మీద కోయించుకోండి, ఏసీపీ అల్యూమినియం షీటు గూడ అక్కడికే.

సన్‌బోర్డు_కింగ్
నా కస్టమర్లను ఖరాబ్ జేయకుర్రి అక్క.

పాతకోరల్
ఇద్దరూ ఆపుతారా. నాదొక ప్రశ్న. స్టీలు 304 ఎవరూ ఎందుకనట్లేదు? 1 ఎంఎం రేకులో సన్నటి కొస కూడా విరగదు.

బెజవాడ_అక్షరాలు
మంచి మాటే. కాకపోతే ఫైబర్ లేజరు ఉన్న షాపు వెతుక్కోవాలి, సందు చివర ఉండే సీఓ2 మిషన్‌తో అవ్వదు.

ఖమ్మం_కొత్తిల్లు
బడ్జెట్ అయిపోయింది సార్, అక్రిలిక్కే. Weld కొట్టాం. గ బాగా కలిసింది కానీ సున్న నిండుబిళ్ళ అయిపోయింది!

బెజవాడ_అక్షరాలు
ముందు Ctrl+K కొట్టి తర్వాత Weld కొట్టారు. లోపలి గుండ్రం విడి ముక్కయి బయటి దాన్లో కలిసిపోయింది. Ctrl+Z తో వెనక్కి వెళ్ళి, విడగొట్టకుండానే Weld కొట్టండి. విడగొట్టి చూడ్డం నకల్లోనే.

ఖమ్మం_కొత్తిల్లు
వచ్చింది. భ కింద గీత, య ఒత్తు, సున్న విడిగానే ఉన్నాయి. వీటికి అడ్డంగా చిన్న కడ్డీ గీసి అక్షరానికి కలిపేయనా?

వరంగల్_అక్క
కలుపు. విడి ముక్క జాలీ సందులకెల్లి కింద పడ్తది. నీ భ గీత ఇప్పుడు ఆ మిషన్ ట్రేలనే ఉండొచ్చు, పోయి అడుగు.

బెజవాడ_అక్షరాలు
నేను కలపను. భ కింద కడ్డీ పెడితే దూరం నుంచి వేరే అక్షరంలా కనిపిస్తుంది. కోయగా మిగిలిన బయటి షీటు పారెయ్యొద్దని షాపులో చెప్పండి. దాన్ని పలక మీద పెట్టి, రంధ్రాల్లో ముక్కల్ని కూర్చి అంటిస్తే దేని చోటులో అది పడుతుంది. అంటుకున్నాక షీటు పైకెత్తేయొచ్చు.

వరంగల్_అక్క
గోడ మీదికి ఎక్కినంక ఒక్క ఒత్తు ఊడితే "సౌభాగ నిలయం" అయితది. కడ్డీనే మేలంట నేను.

ఖమ్మం_కొత్తిల్లు
ట్రేలో భ గీత దొరికింది అక్కా! ఇంకెవరిదో "ధ" కింద గీత కూడా ఇచ్చి పంపాడు. ఎవరిదో గానీ తీసుకెళ్ళండి.

రేటు_మాస్టారు
రేటు మాత్రం చెప్పలేదు ఇంకా.