గ్లూకోజ్ పిండిపదార్థమే అయితే అయోడిన్ వేస్తే నీలంగా ఎందుకు మారలేదు?

ప్రశ్న అడిగిన తల్లి:
మా అబ్బాయి ప్రాక్టికల్ రికార్డులో ఇలా రాశాడు: "గ్లూకోజ్ పిండిపదార్థం. అయోడిన్ వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది." టీచర్ తప్పని కొట్టేశారు. పుస్తకంలో చూస్తే ఒక చోట గ్లూకోజ్, పంచదార, అన్నం అన్నీ పిండిపదార్థాలే అని ఉంది. ఇంకో చోట పిండిపదార్థాన్ని అయోడిన్‌తో గుర్తించాలని ఉంది. రెండూ కలిపి చదివితే వాడు రాసిందే కదా వస్తుంది? తప్పు వాడిదా, మాటదా?

రిటైరైన జీవశాస్త్రం మాస్టారు:
మాటదేనమ్మా. బాబు తర్కం సరిగ్గానే ఉంది. మనం 'పిండిపదార్థం' అనే ఒక్క మాటని కార్బోహైడ్రేట్ల కుటుంబం మొత్తానికీ వాడుతున్నాం, అందులో ఒకటైన స్టార్చ్‌కీ వాడుతున్నాం. అయోడిన్ గుర్తుపట్టేది స్టార్చ్‌ని మాత్రమే. స్టార్చ్‌లో గ్లూకోజ్ అణువులు పొడవైన గొలుసుగా, స్ప్రింగ్‌లా చుట్టుకుని ఉంటాయి. అయోడిన్ ఆ చుట్టల మధ్యలో దూరినప్పుడే నీలి నలుపు వస్తుంది. విడి గ్లూకోజ్‌కి చుట్టే లేదు, కాబట్టి అయోడిన్ గోధుమ రంగులోనే ఉండిపోతుంది.

ఇంకో సభ్యుడు:
తీపి ఉన్న వాటికి బెనెడిక్ట్ ద్రావణం వాడాలి. 2 మి.లీ. పంచదార నీళ్లలో అంతే బెనెడిక్ట్ పోసి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే ఇటుక ఎరుపు వస్తుంది.

మాస్టారు:
పద్ధతి సరిగ్గా చెప్పారు, ఉదాహరణే కుదరలేదు. గ్లూకోజ్‌కి ఎరుపు వస్తుంది. తక్కువగా ఉంటే ఆకుపచ్చ, పసుపు దగ్గరే ఆగుతుంది. పంచదార మాత్రం తీపిగా ఉన్నా నీలంగానే ఉండిపోతుంది. దాన్ని కొద్దిగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి, తరువాత వంటసోడాతో ఆమ్లాన్ని తగ్గించి, అప్పుడు బెనెడిక్ట్ వేస్తే ఎరుపు కనిపిస్తుంది. ఆమ్లం పంచదారని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది.

ఒక సభ్యురాలు:
నాకు షుగర్ ఉంది. అంటే అయోడిన్‌తో నీలంగా మారనిది నేను తినొచ్చా?

మాస్టారు:
వద్దమ్మా, ఆ లెక్క చేయకండి. ఈ పరీక్ష స్టార్చ్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. గ్లూకోజ్ పొడికి నీలం రాదు, కానీ మీ రక్తంలో షుగర్‌ని అన్నిటికన్నా త్వరగా పెంచేది అదే.

తెలుగు పండితురాలు:
స్టార్చ్‌కి 'గంజి' అంటే సరిపోదా? గంజిలో అయోడిన్ వేస్తే చక్కటి నీలం వస్తుంది. బట్టలకు పెట్టేదీ అదే.

మాస్టారు:
మంచి మాటే. కానీ అరటికాయలో గంజి ఉందంటే పిల్లలు ఒప్పుకుంటారా? నేను క్లాసులో అరటితోనే చెప్పేవాణ్ణి. మన భాషలో కాయ వేరు, పండు వేరు కదా. అరటికాయ ముక్క మీద రెండు చుక్కలు వేస్తే నల్లబడుతుంది. బాగా మాగిన అరటిపండు మీద దాదాపు గోధుమ రంగే ఉంటుంది. మాగేటప్పుడు స్టార్చ్ చక్కెరలుగా మారిపోతుంది. అదే పండు రసానికి బెనెడిక్ట్ పరీక్ష చేస్తే ఎర్రబడుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి:
ఇప్పుడే చేసి చూశాం మాస్టారూ. కాయ ముక్కకి కూడా నీలం రాలేదు! అయోడిన్ రంగే పోయింది. ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం రాసి ఉంచాను.

మాస్టారు:
అదేనమ్మా కారణం. నిమ్మరసంలో ఉన్న విటమిన్ సి అయోడిన్ రంగుని తీసేస్తుంది. నిజానికి విటమిన్ సి ని గుర్తించడానికి ఇదే ఒక పరీక్ష: స్టార్చ్, అయోడిన్ కలిపిన నీలి నీళ్లలో నిమ్మరసం చుక్కలు వేస్తే రంగు పోతుంది. కొత్త ముక్క కోసి, ఏమీ రాయకుండా వెంటనే వేయండి. ఆలస్యమైతే ముక్క దానంతటదే నల్లబడి, అయోడిన్ రంగేమో అనిపిస్తుంది.

ఇంకో సభ్యుడు:
మరి ప్రోటీన్‌ని మాంసకృత్తులు అంటారు కదా, పప్పుకి ఆ పేరెలా? మా పాప పప్పుకట్టుతో బైయూరెట్ పరీక్ష చేస్తే ఎర్రగా వచ్చింది, ఊదా రాలేదు.

మాస్టారు:
పేరు సంగతి పండితురాలు చెప్పాలి. ఎరుపు మాత్రం పసుపు వల్ల వచ్చింది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడినట్టే, బైయూరెట్‌లోని సోడియం హైడ్రాక్సైడ్‌కీ ఎర్రబడుతుంది. పసుపు వేయకుండా నానబెట్టిన శనగపప్పు రుబ్బి వడగట్టి చేయమనండి. మైలుతుత్తం నీళ్లు రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువైతే దాని నీలంలో లేత ఊదా కనబడదు. సోడియం హైడ్రాక్సైడ్ చేతులు కాలుస్తుంది, అది టీచరే పోయాలి.

తెలుగు పండితురాలు:
మాంసకృత్తు అంటే మాంసాన్ని, అంటే కండని, చేసేది అని నా అర్థం. మాంసంలో ఉండేది అని కాదు. అందుకే పప్పుకి ఆ పేరు చెల్లుతుంది. పిండిపదార్థంలో చిక్కు వేరు, అక్కడ ఒకే పేరు ఇద్దరికి పెట్టాం. కుటుంబానికి 'కార్బోహైడ్రేట్' అని అందరూ అనేదే ఉంచి, 'పిండి' స్టార్చ్‌కి వదిలేద్దాం.

మాస్టారు:
ఊళ్లలో పెద్దవాళ్లు పంచదారని పిండి అనరు కాబట్టి నాకు సమ్మతమే. కానీ పాత పుస్తకాలు చదివినవాళ్లకి మళ్లీ తికమక తప్పదు.

ప్రశ్న అడిగిన తల్లి:
నిమ్మరసం లేకుండా వేశాం, కాయ నల్లబడింది! పండు గోధుమగానే ఉంది. ఇంట్లో దోరది ఒకటి ఉంది. దాని మీద అక్కడక్కడా నీలం వచ్చింది. రికార్డులో స్టార్చ్ ఉందని రాయాలా, చక్కెర ఉందని రాయాలా?

మాస్టారు:
స్టార్చ్ ఉందని మాత్రం ఇప్పుడే రాయించండి. చక్కెర సంగతి బెనెడిక్ట్ వేసి చూశాకే రాయాలి.