ప్రాజెక్టు హెల్త్ చెక్‌కి బయటి రివ్యూయర్ వస్తున్నారు: ఏం అడుగుతారు, రిపోర్టులో ఎలా రాస్తారు?

కొత్త లీడ్
మాది ఒక సహకార బ్యాంకు కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మార్చే ప్రాజెక్టు. గో-లైవ్‌కి ఇంకా పది వారాలుంది. బ్యాంకు వాళ్లు బయటి నుంచి ఒక రివ్యూయర్‌ని పెట్టారు. సోమవారం నుంచి రెండు వారాలు ఉంటారట. డేటా మైగ్రేషన్ నేను చూస్తున్నాను కాబట్టి నాతో కూడా గంటసేపు మాట్లాడతారు. మా వారం రిపోర్టులో రంగు ఎప్పుడూ గ్రీనే. నాకు మాత్రం అంత నమ్మకం లేదు. ఇలాంటి రివ్యూ చూసినవాళ్లు ఏం అడుగుతారో చెప్పండి.

గుంటూరు మిర్చి
ఇది ఆడిట్ లాంటిదే బ్రదర్. ప్లాను, రిస్క్ రిజిస్టరు, మీటింగ్ మినిట్స్ అన్నీ తాజాగా సంతకాలతో పెట్టుకోండి. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి, అదనంగా ఒక్క మాట వద్దు. కాగితాలు సరిగ్గా ఉంటే గ్రీన్ వస్తుంది.

పాత పీఎంవో
మిర్చి గారూ, కాగితాలు అడుగుతారన్నది నిజమే, మొదటి రెండు రోజులు అవే చదువుతారు. కానీ పద్ధతి పాటించారా అని చూసేది ఆడిట్. హెల్త్ చెక్‌లో చూసేది వేరు: అనుకున్న తేదీకి, అనుకున్న డబ్బుతో, ఈ పని నిజంగా పూర్తవుతుందా? కాగితాలన్నీ చక్కగా ఉండి మునిగిన ప్రాజెక్టులు నేను చూశాను.

నేను ఇలాంటి రివ్యూలు చాలా ఏళ్లు చేశాను. నేను ముందు అడిగేది 'ఎంత శాతం అయింది' అని కాదు. మూడు నెలల కిందటి ప్లాను, ఇప్పటి ప్లాను పక్కపక్కన పెట్టమంటాను. మధ్యలోని తేదీలు ఒక్కోటీ మూడు వారాలు జరిగి, గో-లైవ్ తేదీ మాత్రం కదలకుండా ఉంటే, ఆ వారాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో అడుగుతాను. దాదాపు ప్రతిసారీ టెస్టింగ్ నుంచే కోసి ఉంటారు.

తర్వాత, పోయిన నెలలో బ్యాంకు సిబ్బంది స్వయంగా వాడి చూసి 'సరే' అన్న పనులు ఏవో చూపించమంటాను. డెవలపర్ అయిపోయిందన్నది నాకు లెక్కలోకి రాదు. ఇంకో ప్రశ్న అందరినీ విడివిడిగా అడుగుతాను: ఆ రాత్రి ఏదైనా తేడా వస్తే ఆపేద్దాం అని చెప్పే అధికారం ఎవరిది? నలుగురూ నాలుగు పేర్లు చెబితే అదే ఒక ఫైండింగ్.

ఇంటర్వ్యూలో మీరు చెప్పినది మీ పేరుతో రిపోర్టులోకి రాకూడదు. ఆ హామీ మొదట్లోనే అడిగి తీసుకోండి. ఒక్క మనిషి మాట మీద ఫైండింగ్ రాయము. ఇంకో మనిషి నుంచో, ఒక రికార్డు నుంచో బలం దొరకాలి.

సైట్ ఇంజనీర్
మా రోడ్డు పనుల్లో కూడా థర్డ్ పార్టీ క్వాలిటీ వాళ్లు వస్తారు. కోర్ కోసి మందం చూస్తారు, క్యూబ్‌లు ల్యాబ్‌కి పంపుతారు, తక్కువ వస్తే బిల్లులో కోత. మీకు కూడా కోడ్ తీసుకుని పరీక్షిస్తారేమో, క్వాలిటీ బాగుంటే భయం దేనికి?

పాత పీఎంవో
అది చేసిన పని నాణ్యత చూడటం సార్, ఇక్కడి ప్రశ్న అది కాదు. మీ రోడ్డు మందం సరిగ్గానే ఉండొచ్చు, కానీ మధ్యలో భూసేకరణ తేలకపోతే ఆ రోడ్డు తెరుచుకోదు. హెల్త్ చెక్ అలాంటివాటిని పట్టుకోవాలి. అయితే మీ దగ్గర నుంచి ఒకటి నేర్చుకోవాలి: కోర్ ఎక్కడ కోయాలో కాంట్రాక్టర్ చెప్పడు. రివ్యూయర్ కూడా ఎవరితో మాట్లాడాలో తనే ఎంచుకోవాలి, మేనేజర్ ఇచ్చిన జాబితాతో సరిపెట్టుకోకూడదు.

కొత్త లీడ్
అయితే నా టెన్షన్ ఇక్కడే చెప్తాను. పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి మారే కటోవర్‌కి శనివారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 దాకా, అంటే 36 గంటలు ఇచ్చారు. రిహార్సల్‌గా చేసిన మొదటి మాక్ మైగ్రేషన్ 52 గంటలు పట్టింది, రెండోది 44. ఇందులో బ్యాలెన్సులు సరిచూడటం కూడా కలిసే ఉంది. లోడ్‌ని ముక్కలు చేసి ఒకేసారి నడిపితే 30కి వస్తుందని వెండర్ అంటున్నాడు. మూడో మాక్ ఇంకో మూడు వారాలకు. స్టేటస్‌లో 'తగ్గుతోంది, గ్రీన్' అని రాశారు.

పాత పీఎంవో
తమ్ముడూ, మంచి రివ్యూయర్ వెంటనే అడిగే ప్రశ్న: వెనక్కి పాత సిస్టమ్‌కి వెళ్లాలంటే ఎన్ని గంటలు?

కొత్త లీడ్
7 గంటలని అంచనా. ఎప్పుడూ చేసి చూడలేదు.

పాత పీఎంవో
అలాగైతే మీ దగ్గరున్నది 36 కాదు, 29. ఆదివారం అర్ధరాత్రి దాటాక 1 గంటకల్లా లోడ్ అయిపోయి, లెక్కలు కుదిరి ఉండాలి. లేదంటే అప్పుడే వెనక్కి తిరగాలి. వెండర్ చెప్పే 30 గంటలు నిజమైనా ఒక గంట ఎక్కువే. పైగా ఆ 7 కూడా నోటిమాటే.

నేనైతే ఇలా రాస్తాను: 'రెండో మాక్ 44 గంటలు పట్టింది. వెనక్కి వెళ్లే సమయం తీసేస్తే అందుబాటులో ఉన్నది 29 గంటలు. 30 గంటల అంచనాకు పరీక్ష ఆధారం లేదు, అది సాధ్యమైనా చాలదు. ఇలాగే సాగితే సోమవారం ఉదయం శాఖలు తెరవలేని ప్రమాదం ఉంది. మూడో మాక్‌లో రోల్‌బ్యాక్‌ని కూడా గడియారం పెట్టి చేయాలి. బాధ్యత మైగ్రేషన్ వెండర్‌ది, మాక్ తేదీయే గడువు. రెండూ కలిపి 36లోపు రాకపోతే గో-లైవ్ వాయిదా నిర్ణయం స్టీరింగ్ కమిటీ తీసుకోవాలి.' ఇందులో ఎవరి మీదా నింద లేదు. 'మైగ్రేషన్ ప్లానింగ్ బలహీనంగా ఉంది' అని రాసి వదిలేస్తే ఎవరూ ఏమీ చేయరు.

గుంటూరు మిర్చి
రంగు ఏమిస్తారు మరి? నా లెక్కలో దీన్ని సరిదిద్దే దారి ఉంది కాబట్టి ఆంబర్ చాలు.

పాత పీఎంవో
దారి ఉంటే ఆంబర్ అన్నది సగం నిజం. ఆ దారి గడువులోపు పనిచేస్తుందన్న ఆధారం కూడా కావాలి. మూడో మాక్ దాకా నేను రెడ్ అంటాను. మాక్ ఫలితం చూసి మార్చొచ్చు.

టెస్టింగ్ తల్లి
నాకు కోపం తెప్పించేది డ్రాఫ్ట్ దశ. తప్పులు సరిచూడండని ప్రాజెక్టు టీమ్‌కి డ్రాఫ్ట్ పంపుతారు. మా పాత ప్రాజెక్టులో అది రెడ్‌గా వెళ్లి, నాలుగు మెయిళ్ల తర్వాత ఆంబర్‌గా తిరిగొచ్చింది. అంకె ఒక్కటీ మారలేదు! అందుకే డ్రాఫ్ట్ నేరుగా స్పాన్సర్‌కే వెళ్లాలంటాను.

పాత పీఎంవో
అంకె తప్పుంటే దిద్దుకునే అవకాశం టీమ్‌కి ఇవ్వాలమ్మా, లేదంటే ఒక చిన్న తప్పు పట్టుకుని మొత్తం రిపోర్టునే కొట్టిపారేస్తారు. డ్రాఫ్ట్ పంపేటప్పుడు వాస్తవాల మీదే వ్యాఖ్యలు తీసుకుంటామని, రంగు మీద చర్చ లేదని రాసిపెట్టాలి.

టెస్టింగ్ తల్లి
రాసిపెట్టినా రివ్యూయర్ ఫీజు ఇచ్చేది ఆ మేనేజరే అయితే? నేను ఒప్పుకోలేను.

డల్లాస్ అక్క
రిపోర్టు ఎవరికి చేరుతుందన్నది కూడా చూసుకోండి. ఇక్కడ అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ మీద 2013 వసంతంలో మెకిన్సీ కన్సల్టింగ్ కంపెనీ వాళ్లు రివ్యూ చేసి, మొదటి నుంచి చివరి దాకా కలిపి పరీక్షించే సమయం చాలదని పై అధికారులకు ముందే చెప్పారు. అక్టోబరు 1న తెరిస్తే మొదటి రోజే సైట్ మొరాయించింది. తర్వాత కాంగ్రెస్ విచారణలో, సైట్ సాంకేతిక పని నడిపించిన అధికారి ఆ తుది నివేదిక తనకు ఇవ్వలేదన్నారు. పనిచేసేవాళ్ల చేతికి అందని ఫైండింగ్‌ని ఎవరు సరిదిద్దుతారు?

కొత్త లీడ్
అక్కా, మా దగ్గర రిపోర్టు ఎవరెవరికి వెళ్తుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. సోమవారం మొదటి మీటింగ్‌లోనే అడుగుతాను. పీఎంవో గారూ, ఇంకొక్కటి: ఆ 29 గంటల లెక్క ముందే మా మేనేజర్‌కి చెప్పాలా, రివ్యూయర్ ముందే మొదటిసారి చెప్పాలా?

పాత పీఎంవో
ముందు మేనేజర్‌కే, మెయిల్‌లో, ఈ రోజే. రివ్యూయర్‌కీ అదే లెక్క చూపించండి.

గుంటూరు మిర్చి
నేనైతే మెయిల్ పెట్టను, నోటితో చెప్తాను. మేనేజర్‌ని ఇరికించినట్టు ఉంటుంది.

టెస్టింగ్ తల్లి
నోటితో చెప్పినదానికి తేదీ ఉండదు. మెయిల్ పెట్టు తమ్ముడూ. రెండు మాక్‌ల లాగ్‌లు కూడా జతచెయ్యి.