మిర్చి బాండ్ల కథనంలో పరువు నష్టం ముప్పు: ఈ వాక్యాలను ఎలా సరిచేయాలి?

గుంటూరులో ఒక చిన్న వారపత్రికకు పనిచేస్తున్నాను. స్థానిక కోల్డ్ స్టోరేజీ యజమాని ఒకరు, రైతులు నిల్వ చేసిన మిర్చికి రసీదులుగా ఇచ్చే బాండ్లను వారికి తెలియకుండా బ్యాంకులో తాకట్టు పెట్టి వారి పేరిట రుణాలు తీసుకున్నారన్న కథనం అచ్చుకు సిద్ధమవుతోంది.

ముసాయిదాలో "రైతుల సంతకాలు ఫోర్జరీ చేసి కోట్లు కాజేశారు" అని ఉంది. మా చేతిలో ఉన్నవి బ్యాంకు నోటీసులు, రుణ పత్రాల నకళ్లు, ఆ సంతకాలు తమవి కావంటున్న ముగ్గురు రైతుల రాతపూర్వక వాంగ్మూలాలు. రుణం రైతుల పేరిట ఉందని ఇవి చూపుతాయి గానీ, సంతకం ఎవరు పెట్టారో, యజమాని ఉద్దేశమేమిటో చూపవు. అందుకే "సంతకాలు తమవి కావని ముగ్గురు రైతులు చెబుతున్నారు" అని మార్చాను. అయితే ఆరోపణను ఇతరుల నోట చెప్పించినంత మాత్రాన, దాన్ని ప్రచురించిన బాధ్యత పత్రికకు తప్పదని నాకు తెలుసు.

పేరు తీసేద్దామని సంపాదకులు అంటున్నారు. ఊరు, వ్యాపారం, ఫొటోలోని గేటు చూసి స్థానికులు ఆయనను గుర్తుపట్టగలిగితే పేరు లేకపోవడం రక్షణ కాదని నా అభిప్రాయం. పైగా శీర్షికలో "ఘరానా మోసం" అలాగే ఉంది.

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మినహాయింపు ప్రకారం నిజంతో పాటు ప్రజాహితం కూడా చూపాలి కదా. మరి మా ఆధారాలతో "ఫోర్జరీ" అన్న మాట ఎక్కడైనా నిలుస్తుందా? యజమానికి ప్రశ్నలు రాతపూర్వకంగా పంపితే, జవాబుకు ఎంత గడువు ఇవ్వడం సమంజసం? ఇలాంటి కథనాలను పరిశీలించిన న్యాయవాదులు, సీనియర్ పాత్రికేయులు దయచేసి చెప్పగలరు.