బాబాయి కూతురి పెళ్లికి రాలేనని మెసేజ్: వీసా సంగతి ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి?

రాజమండ్రిలో మా బాబాయి కూతురి పెళ్లి, ఇంకో మూడు వారాలుంది. శుభలేఖ వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి మరీ పిలిచారు. నేనుండేది డల్లాస్‌లో. పాస్‌పోర్టులో హెచ్‌1బీ వీసా గడువు తీరిపోయింది. ఇండియా వస్తే మళ్లీ స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి రావడం కుదరదు, అపాయింట్‌మెంట్ దొరకడం లేదు.

ఫోన్‌లో చెప్పబోతే "టికెట్ మేం తీస్తాం, వచ్చెయ్" అన్నారు. "క్షమించండి, రాలేను" అని మొదలుపెట్టి రాస్తే, శుభకార్యానికి ఆ మాటతో మొదలుపెట్టకూడదని అమ్మ ఆపేసింది. వీసా రూల్సన్నీ రాస్తే సాకు చెప్పినట్టుంది. ఇప్పుడున్నది ఇదీ:

"బాబాయ్, పిన్నీ, నమస్కారం. చెల్లి పెళ్లి శుభలేఖ అందింది, చాలా సంతోషం. వీసా ఇబ్బంది వల్ల ప్రయాణం కుదరడం లేదు. అమ్మానాన్నా ముందురోజే వచ్చి పనులు అందుకుంటారు. కొత్త దంపతులకు నా శుభాకాంక్షలు."

మూడో వాక్యమే పొడిగా ఉంది, తప్పించుకుంటున్నట్టు అనిపిస్తోంది. వస్తే ఉద్యోగానికి తిరిగి వెళ్లలేనని పెద్దవాళ్లకు అర్థమయ్యేలా, నొచ్చుకోకుండా, ఆ ఒక్క వాక్యం మీరైతే ఎలా రాస్తారు?