సీసా మీద తేదీ ఉంటే చాలదా?

సుజాత (పచ్చళ్లు): ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముతాం, సీజన్‌లో రోజుకు 60 కిలోలు. సీసా మీద ప్యాకింగ్ తేదీనే బ్యాచ్ నంబరుగా వేస్తున్నాం. కారం బస్తా నంబరు కూడా రాసుకోమని మా తమ్ముడి పోరు. అంత అవసరమా?

కిరాణా రమేష్: చాలండి. లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఉండాలన్నదే రూలు, తేదీని నంబరుగా వాడితే ఎవరూ కాదనరు. చేతులకు నూనె, కారం పెట్టుకుని పుస్తకం ఎవరు రాస్తారు?

పాత క్యూసీ: రమేష్ గారి మాట లేబుల్ వరకే నిజం. రేపు కారం అమ్మినాయన ఫోన్ చేసి ఫలానా బస్తాలో రంగు కలిసిందంటే? 2005లో బ్రిటన్‌లో ఇలాగే, సుడాన్ అనే నిషేధించిన రంగున్న కారం ఒక సాస్‌లో పడి, ఆ సాస్ వాడిన వందల రకాల సరుకులను వెనక్కి తెప్పించాల్సి వచ్చింది.

మీ లెక్కే చూద్దాం సుజాత గారూ. 60 కిలోలకు 8 కిలోల కారం అనుకుంటే, 25 కిలోల బస్తా మూడు రోజులొచ్చి, మిగిలిన కిలో నాలుగో రోజు కలుపులో పడుతుంది. బస్తా నంబరు రాసుంటే ఆ నాలుగు రోజుల సరుకు, అంటే 480 అరకిలో సీసాలు వెతికితే సరిపోతుంది. లేకపోతే ఇరవై రోజుల సీజన్‌లో పెట్టిన 2400 సీసాలనూ అనుమానించాలి.

ఇంకోటి, కలిపిన రోజే సీసాలకు ఎత్తుతున్నారా?

సుజాత: లేదండి, జాడీలో మూడు రోజులు ఊరాక. ఒక్కోరోజు రెండు జాడీలవీ ఎత్తుతాం. అడుగున మిగిలింది కొత్త జాడీలో కలిపేస్తాం.

పాత క్యూసీ: అయితే మీ ప్యాకింగ్ తేదీ ఏ కలుపుదో చెప్పదు. జాడీకి కలిపిన తేదీ చీటీ కట్టి, సీసా మీద బ్యాచ్ నంబరుగా అదే వేయండి, ప్యాకింగ్ తేదీ విడిగా ఉండనివ్వండి. అడుగుది కలిపితే రెండు బ్యాచ్‌లూ ముడిపడినట్టే. దాన్ని ఇంట్లో వాడుకోండి.

మిఠాయి శీను: మాకు బార్‌కోడ్ మెషీన్ అమ్మజూపారన్నా, కొనమంటారా? మాది కౌంటర్లో తూచి ఇచ్చే లడ్డూ.

పాత క్యూసీ: తమ్ముడూ, ఇక్కడ మెషీన్ గొడవ లేదు. విడిగా తూచి అమ్మింది ఎవరింటికి పోయిందో ఏ మెషీనూ చెప్పదు. ఏ శనగపిండి ఏ రోజు లడ్డూకి వాడారో రాసుకో, కొట్లో మిగిలినదన్నా ఆపగలవు.

కిరాణా రమేష్: సరే, నాలుగో రోజు 60 కిలోల్లో పడింది ఒక్క కిలోనే కదా. దానికోసం 120 సీసాలు పారబోయాలా? పైగా నాలాంటి కొట్లో పాత స్టాకూ కొత్తదీ ఒకే అరలో ఉంటాయి, ఏవి ఎవరికిచ్చానో నాకేం గుర్తుంటుంది?

పాత క్యూసీ: నిషేధించిన రంగు కొంచెమైనా ఉండకూడదు, ఆ 120 కూడా పోవాల్సిందే. కొట్టు సంగతి మీరన్నది నిజం. బిల్లులో బ్యాచ్ రాస్తే ఏ కొట్టుకు వెళ్లిందో తెలుస్తుంది, ఆ పైన సీసా చూసి ఏరాల్సిందే.

సుజాత: మరి నూనె? డ్రమ్ము ఖాళీ కాకుండానే కొత్త టిన్నులు పోస్తాం. ఏ టిన్ను ఏ జాడీలోకి పోయిందని రాయాలి?