సారు చనిపోయారు, వార్తలో ఏది రాయాలి, ఏది వదలాలి?

కొత్త విలేకరి (పాలమూరు): మా దగ్గర ఒక రిటైర్డ్ టీచర్ పొద్దున చనిపోయారు. సాయంత్రానికి 150 పదాల వార్త పంపాలి. "83 ఏళ్లు, నలభై ఏళ్ల సర్వీసు, బడికి సొంత జాగా ఇచ్చిండు" అంటున్నాడు కొడుకు. రుజువున్నవే రాస్తే బయోడేటాలా ఉంటుంది. అన్నీ రాస్తే తప్పు పడుతుందని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల టీచర్: కాగితం లేనిది ఒక్క ముక్క కూడా రాయొద్దు. పెన్షన్ ఆర్డర్ అడగండి, అన్నీ అందులోనే ఉంటాయి.

కొత్త విలేకరి: చూపించారు సార్. పుట్టింది 1-7-1945, రిటైరైంది 30-6-2003. సర్వీసు 33 ఏళ్లని ఉంది. మరి 33 రాసేయనా?

పాత డెస్క్: ఆగండి తమ్ముడూ. ఆ 33 ఆయన పనిచేసిన ఏళ్లు కాకపోవచ్చు. అప్పటి లెక్కలో పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్లు చాలు, అంతకు మించి చేసినా 33 దగ్గరే ఆపేవారు. ఉద్యోగంలో చేరిన తేదీ సర్వీస్ రిజిస్టర్‌లో గానీ, మొదటి నియామకపు ఉత్తర్వులో గానీ ఉంటుంది. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉందేమో అడగండి, టీచర్లు ఆ కాగితం పారేయరు.

మిగతా రెండు తేదీలూ ఒకదానికొకటి సరిపోయాయి. అప్పుడు రిటైర్మెంట్ వయసు 58, ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోతారు. వయసు మాత్రం "రికార్డుల ప్రకారం 80" అని రాయండి. ఆ రోజుల్లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పంతులుగారే ఒక తేదీ వేసేవారు. కాబట్టి కొడుకు అబద్ధమాడుతున్నాడని కాదు.

కువైట్ నుంచి: మా నాన్న కూడా టీచరే అండీ. ఆయన పోయినప్పుడు పేపర్లో అన్నయ్య పేరొక్కటే వేసి మా ముగ్గురు అక్కచెల్లెళ్లను వదిలేశారు. ఆ ముక్క ఇప్పటికీ దాచుకున్నాను, చూసినప్పుడల్లా బాధే. ఇప్పుడు సవరణ వేయించుకోవాలంటే ఎవర్ని అడగాలి?

పాత డెస్క్: అమ్మా, ఇన్నేళ్లకు సవరణ కష్టం. వర్ధంతికి అందరి పేర్లతో కుటుంబం తరఫున ప్రకటన ఇవ్వొచ్చు. తమ్ముడూ, ఇది మీకూ పనికొస్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయించుకుని, వాళ్లకే చదివి వినిపించండి.

కొత్త విలేకరి: ట్రంకు పెట్టెలో ఉత్తర్వు దొరికింది! చేరింది ఆగస్టు 1968. అంటే దాదాపు 35 ఏళ్లు. ఇక జాగా సంగతి. ఆ స్థలం ఇంకో రైతు ఇచ్చాడని హెడ్మాస్టర్ అంటున్నారు. సారు పిల్లలతో కలిసి పునాది మట్టి మోశారని ఇద్దరు పాత విద్యార్థులు విడివిడిగా చెప్పారు.

పాత డెస్క్: అయితే మట్టి మోసింది రాయండి, జాగా మాట వదిలేయండి. ఆ రైతు మనవళ్లు రేపు పేపర్ చూస్తారు. చేరిన ఊరికి మండలం పేరు తగిలించకండి, 1968లో మండలాలు లేవు, అవి వచ్చింది 1985లో.

ఇక మనిషి కనపడేది "విద్యార్థుల భవిష్యత్తుకు బాటలు వేశారు" లాంటి వాక్యంలో కాదు. ఆయన రోజూ ఏం చేసేవారో అడగండి.

కొత్త విలేకరి: ఒక పెద్దమ్మ చెప్పింది. ఆమె భర్త బొంబాయికి వలస పోయినప్పుడు ఉత్తరాలు సారే చదివేవారట. డబ్బు పంపలేదని రాసి ఉంటే, ముందు "మంచిగున్నడట" అని చెప్పి, మిగతాది నిదానంగా చదివేవారట.

లెక్కల టీచర్: దానికి రుజువేది?

పాత డెస్క్: ఆ ఉత్తరం ఆమెదే, విన్నదీ ఆమే. ఆమె పేరుతో, ఆమె మాటగా రాస్తే అంతకన్నా ఏం కావాలి? ఊరంతా అన్నారని రాస్తేనే రుజువు అడగాలి. కాగితం లేదని ఇది కొట్టేస్తే ఆ వార్తలో మిగిలేది పెన్షన్ ఆర్డరే.

లెక్కల టీచర్: సరే, ఒప్పుకుంటాను. కానీ మంచి జ్ఞాపకానికి ఒక సాక్షి చాలంటే, చెడ్డదానికీ చాలాలి కదా. పిల్లల్ని కొట్టేవారా అని ఎవరినైనా అడిగారా?

కొత్త విలేకరి: అడగకుండానే ఒకాయన చెప్పాడు. చింతబరికెతో కొడితే చెయ్యి వాచి రెండు రోజులు బడికి పోలేదట. పాడె మోసిన నలుగురిలో ఆయనా ఉన్నాడు.

పాత డెస్క్: నేనైతే ఈ రోజు వార్తలో పెట్టను. చనిపోయినాయన జవాబు చెప్పలేరు, 150 పదాల్లో ఆ ఒక్క మాటే పెద్దదైపోతుంది. పెద్ద వ్యాసమైతే తప్పకుండా పెడతాను.

లెక్కల టీచర్: నేను పెడతాను. దెబ్బ తిన్నవాడే పాడె మోశాడంటే ఆ ఒక్క వాక్యంలో సారు పూర్తిగా ఉన్నారు. తీసేస్తే ఆయన్ని ఫొటోకి దండ వేసినట్టు చేసినవాళ్లమవుతాం.

కొత్త విలేకరి: పంపేశాను. మొదటి వాక్యం ఇది: "బొంబాయి నుంచి వచ్చే ఉత్తరాల్లో చెడ్డ కబురును ఆలస్యంగా చదివి, మంచి కబురును ముందు చెప్పేవారని ఊరి మహిళ ఒకరు గుర్తు చేసుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు శనివారం కన్నుమూశారు. రికార్డుల ప్రకారం ఆయన వయసు 80." ఆమె పేరు పూర్తి వార్తలో ఉంది. బరికె మాట పెట్టలేదు. కానీ రాసుకున్న నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపలేదు.

కువైట్ నుంచి: కూతుళ్ల పేర్లు వేశారా?

కొత్త విలేకరి: ఇద్దరివీ వేశాను అక్కా. చదివి వినిపించాను కూడా.