"వెనకబడిన పోగు" దేనికి వెనకబడింది?

అనువాదకుడు: డీఎన్‌ఏ ప్రతికృతి బొమ్మకు తెలుగు పేర్లు రాస్తున్నాను. లాగింగ్ స్ట్రాండ్‌ను "వెనకబడిన పోగు" అన్నాను. కానీ బొమ్మలో దాని బాణాలు, పాతపోగులు రెండూ విడిపోయే చోటైన ఫోర్క్ కదిలే దిశకు వ్యతిరేకంగా పోతున్నాయి. ఈ పేరు సరిపోతుందా?

బైపీసీ విద్యార్థి: సరిపోతుంది సార్. ముక్కలుగా తయారవుతుంది కాబట్టి అది నెమ్మది.

బోటనీ లెక్చరర్: ముక్కలన్నది నిజమే, నెమ్మది అన్నది కాదు బాబూ. రెండు కొత్త పోగులూ ఒకే ఫోర్క్ వెంట సాగుతాయి. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఆ వేగం సెకనుకు సుమారు 1000 న్యూక్లియోటైడ్లు.

బొమ్మలో ఫోర్క్ కుడివైపుకి విచ్చుకుంటోందనుకోండి. పై పాతపోగుకి ఎడమకొస 3′ అయితే, దాని మీది కొత్తపోగుకి ఎడమకొస 5′. కొత్తపోగును అల్లే ఎంజైమ్ పాలిమరేజ్ ఎప్పుడూ 3′ కొసకే న్యూక్లియోటైడ్లు చేరుస్తుంది. కాబట్టి ఇది కుడివైపుకి, ఫోర్క్‌ని వెంబడిస్తూ, ఆగకుండా పెరుగుతుంది. ఇదే లీడింగ్ స్ట్రాండ్. కింది పాతపోగు తిరగబడి ఉంటుంది, దాని మీది కొత్తది ఎడమవైపుకే పెరగగలదు. అందుకే ఫోర్క్ మరికొంత విచ్చుకునేదాకా ఆగాలి, అప్పుడు ఫోర్క్ పక్కన కొత్త ప్రైమర్, అంటే అల్లిక మొదలుపెట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, పడుతుంది. ఆ ఆగడమే లాగ్. బ్యాక్టీరియాలో ఒక్కో ముక్క 1000 నుంచి 2000, మన కణాల్లో 100 నుంచి 200 న్యూక్లియోటైడ్లు.

అనువాదకుడు: అంటే ఫోర్క్‌కి దగ్గరున్న ముక్కే అన్నిటికంటే కొత్తది?

లెక్చరర్: అవును. మీ బొమ్మ తప్పో ఒప్పో అక్కడే పట్టుకోవచ్చు. ప్రతి ముక్కకీ ప్రైమర్ ఫోర్క్ వైపు కొసన ఉండాలి. ఎడమకొసన గీసి ఉంటే గీసినవారు దిశ తిప్పేశారు. తర్వాత ప్రైమర్ తీసేసి, ఆ ఖాళీని డీఎన్‌ఏతో పూడ్చాక లైగేజ్ అనే ఎంజైమ్ ముక్కల్ని అతుకుతుంది. లైగేజ్ పనిచేయకపోతే ముక్కలు అతుక్కోక పోగుపడతాయి. 1968లో ఒకజాకి దంపతుల బృందం లైగేజ్ లోపమున్న టీ4 ఫేజ్ అనే బ్యాక్టీరియా వైరస్‌తో అలాగే చూపించింది.

ఒక తల్లి: మా అమ్మాయి బొమ్మలో టెంప్లేట్, కోడింగ్ అని ఉన్నాయండీ. కోడింగ్‌దే లీడింగా?

లెక్చరర్: అది ఆర్‌ఎన్‌ఏ తయారీ బొమ్మమ్మా, దీనితో కలపకండి.

పరిశోధక విద్యార్థి: ఒక మాట చేర్చాలి. పాతపోగులు విడిపోయి ఏర్పడే బుడగలో, రెండు కొసల్లో రెండు ఫోర్క్‌లుంటాయి కదా, ఒకే పాతపోగు మీద ఒకవైపు లీడింగ్, ఇంకోవైపు లాగింగ్ తయారవుతాయి. కాబట్టి పేరును పాతపోగుకి తగిలించకండి, కొత్తదానికే రాయండి.

అనువాదకుడు: మరి "ఆగి అల్లే పోగు" అంటే?

లెక్చరర్: అర్థం బాగుంది. కానీ పిల్లలు పరీక్షలో లాగింగ్ అనే చూస్తారు, పక్కన అదీ ఉంచండి.

విద్యార్థి: నాకు "ముక్కల పోగు" నచ్చింది.

అనువాదకుడు: అందులో దిశ కనిపించదే.